మావయ్య మొహానికి పదకొండు ఫ్రేములు

మా మావయ్యకు చూపు ఆనడం లేదని ఊరంతటికీ తెలుసు, ఒక్క మావయ్యకు తప్ప. ఇరవై ఆరేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. ఈ మధ్య స్టాపులో చెయ్యెత్తి నిలబడ్డ మనుషుల్ని స్తంభాలనుకుని దాటి వెళ్లిపోతున్నాడని ఫిర్యాదులొచ్చాయి. డిపోలో చూపు పరీక్ష పెడితే నాలుగో వరుస దగ్గర ఆగిపోయి, "ఈ బోర్డు ప్రింటింగు బాలేదు, మార్పించండి" అని సలహా ఇచ్చాడట. డిపో మేనేజరు ఓపిక ఉన్నవాడు. వచ్చే సోమవారానికి కళ్ళజోడుతో వస్తే స్టీరింగు, రాకపోతే రికార్డుల గదిలో కుర్చీ అని తేల్చేశాడు.

కుర్చీ అంటే మావయ్యకు చావుతో సమానం. కళ్ళజోడన్నా అంతే. అందుకని నా దగ్గరికొచ్చాడు.

నేను కళ్ళజోళ్ల షాపులో ఫ్రేముల కౌంటరు చూస్తాను. తొమ్మిదేళ్లలో ఎన్ని వేల ముక్కుల మీద ఎన్ని ఫ్రేములు పెట్టానో లెక్కలేదు. వచ్చిన ప్రతివాడూ ముందు ధర చూస్తాడు, తర్వాత కంపెనీ పేరు చూస్తాడు, చివర్న తన మొహం చూసుకుంటాడు. మావయ్య ఆ చివరి పని కూడా చేయలేకపోయాడు. లోపల పరీక్ష గదిలో సార్ దూరం ఆనడం లేదని రెండు కళ్ళకూ మైనస్ రెండున్నర రాసిచ్చారు. షాపులో పెట్టి చూసుకునే ఫ్రేముల్లో ఉండేది ఉత్త ప్లాస్టిక్, పవర్ ఉండదు. కాబట్టి కళ్ళజోడు అవసరమైన మనిషికి కళ్ళజోడు పెట్టుకున్న తన మొహమే కనిపించదు. మావయ్య అద్దానికి ముక్కు ఆనించి, "నాకేం నప్పలేదే" అన్నాడు. ఆయనకు అప్పుడు కనిపించింది ముక్కు ఒక్కటే.

ఫొటోలు తీసి చూపిస్తాను, ఉండమన్నాను. ఇంకో మనిషి ఎవరో పిలిస్తే అటు వెళ్లి వచ్చేలోగా, మావయ్య పదకొండు ఫ్రేములతో పదకొండు సెల్ఫీలు తీసుకుని కుటుంబం గ్రూపులో పడేశాడు. కింద "నంబరు చెప్పండి" అని ఆర్డరొకటి.

ఇక చూసుకోండి. మా అత్తయ్య, అంటే మావయ్య భార్య, "ఏది పెట్టినా లోపలున్నది ఆ మొహమేగా" అంది. పెద్దమ్మ బంగారు రంగు సన్న తీగ ఫ్రేముకు ఓటేసింది. మావయ్య కొడుకు కాలేజీలో కూర్చుని ఏదో యాప్‌లో తండ్రి ఫొటోకు ఎర్ర ఫ్రేము అతికించి, "డాడీ, కేక" అని పంపాడు. ఆ యాప్‌లో ఫ్రేము మొహానికి తగ్గట్టు సాగుతుంది. షాపులో సాగదు, చెవుల దగ్గర విరుగుతుంది. గంటన్నరలో బంగారు తీగకు ఏడు ఓట్లు పడ్డాయి.

ఆ ఫొటో చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఫోనులో అందం పెంచే సెట్టింగు వేసి ఉంది. బస్సు అద్దం వెనక ఇరవై ఆరేళ్లు ఎండలో కాలిన మనిషి, పిండి బస్తాలో పడి లేచినట్టున్నాడు. పలకలాంటి దవడను ఫోను చెక్కి కోడిగుడ్డు చేసింది. చెయ్యి మడిచి దగ్గర్నుంచి తీయడంతో ముక్కు ముందుకు దూకింది, చెవులు ఎటో పోయాయి, ప్రతి ఫ్రేమూ మొహం కంటే పెద్దదైపోయింది. బంగారు తీగ నప్పిన మాట నిజమే. కానీ ఆ మొహం మా ఇంట్లో ఎవరిదీ కాదు.

"మావయ్యా, ఆ గ్రూపు మూసి ఇటొచ్చి నిలబడు" అన్నాను.

"ఏడు ఓట్లే! ప్రజాస్వామ్యం వద్దంటావా?"

"నీ ముక్కు మీద వద్దు."

కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట, బూడిద రంగు గోడకు ఆనించి నిలబెట్టాను. ట్యూబులైటు ఆపేశాను, దాని కింద మనిషి చర్మం పచ్చగా జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది. నాలుగు అడుగుల అవతల స్టూలు మీద ఫోను పెట్టి, సరిగ్గా ఆయన కళ్ళ ఎత్తులో ఉంచి, వెనక కెమెరాతో తీశాను. మొదటి ఫొటోలో తెల్ల కాగితం పట్టుకోమన్నాను. ఫొటోలో కాగితం తెల్లగా ఉంటేనే చర్మం రంగును నమ్మొచ్చు. ఒక్కో ఫ్రేముకు మూడు ఫొటోలు: ఎదురుగా ఒకటి, కొంచెం పక్కకు తిరిగి ఒకటి, నవ్వుతూ ఒకటి. నవ్వు ఎందుకంటే బుగ్గలు పైకి లేచి ఫ్రేమును ఎత్తేస్తాయేమో చూడాలి. మావయ్య చేత పదకొండుసార్లు నవ్వించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

తర్వాత కంప్యూటర్ మీద అన్నీ పక్కపక్కన పెట్టాను. బంగారు తీగ నిజం వెలుతురులో నల్ల గోధుమ రంగు చర్మం మీద మెరిసి, మొహాన్ని అలసటగా చూపిస్తోంది. రెండు ఫ్రేములు కణతల కంటే లోపలికే ఆగిపోయాయి, మొహం ఇంకా వెడల్పయింది. ఒకదాంట్లో కనుపాపలు అద్దాల మధ్యకు కాకుండా ముక్కు వైపుకు నక్కాయి, పెద్దాళ్ల చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉన్నాడు. వాటిల్లో ఎర్రదీ ఒకటుంది, దాని గురించి చెప్పను. మిగతావాటిని దాటి నిలిచింది ఏడో నంబరు. పైన మందంగా నల్ల పట్టీ, కింద సన్న తీగ. పైగీత కనుబొమల వంపును పట్టుకుని నడుస్తోంది, పైన పడ్డ బరువుకు కింద దవడ బరువు సరిపోయింది, వెడల్పు కణతలకు అతికినట్టుంది. తొమ్మిదేళ్లలో ఇంత చక్కగా కుదిరిన మొహం, ఫ్రేము నేను చూడలేదు.

నా కాలు నేల మీద నిలవలేదు. ఈ మొహం ఎక్కడో చూశానే అనుకుంటే వెలిగింది. మా అమ్మ గదిలో గోడ మీద తాతయ్య ఫొటో ఉంటుంది. అదే పట్టీ ఫ్రేము, అదే దవడ. నా ఫోనులో ఆ ఫొటో ఉంది. రెండూ పక్కపక్కన అతికించి గ్రూపులో పెట్టాను. "మావయ్యకు ఏడో నంబరే. అచ్చం తాతయ్య!"

హృదయాల వర్షం కురిసింది. పెద్దమ్మ తన ఏడు ఓట్ల కూటమిని రద్దు చేసి నా వైపు దూకింది. నేను గర్వంగా వెనక్కి తిరిగాను. మావయ్య లేడు. ఫోనులో ఒక చిన్న వాక్యం కనిపించింది: మావయ్య గ్రూపు నుంచి తప్పుకున్నాడు.

మావయ్య ఫోను ఆపేశాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మను అడిగాను. అమ్మ మడుస్తున్న బట్టల్ని పక్కన పెట్టింది.

"నీకు పెన్సిళ్ళు కొనిచ్చిన తాతయ్య వేరే, మా నాన్న వేరే" అంది. "ఆడపిల్లనని నా జోలికి రాలేదు. తమ్ముడికి ఆ అదృష్టం లేదు."

నాలుక కరుచుకుని ఏం లాభం? ఆ ఫొటోను ఇరవై మంది చూసి మురిసిపోయారు, నా పుణ్యమా అని.

మర్నాడు మధ్యాహ్నం పెట్టెలో ఆరు ఫ్రేములు సర్దుకుని డిపోకు వెళ్లాను. మావయ్య షెడ్డు నీడలో ఆగి ఉన్న బస్సులో, డ్రైవరు సీట్లోనే కూర్చున్నాడు. సోమవారం దాకా తాళంచెవి ఇవ్వరు, సీటు మాత్రం ఎవరూ లాక్కోలేదు.

"తప్పయిపోయింది మావయ్యా. నాకు తెలీదు."

"నీకెలా తెలుస్తుందే. నువ్వు పుట్టేనాటికి ఆయన మంచోడైపోయాడుగా." స్టీరింగును ఒకసారి తడిమాడు. "నిజం చెప్పు, అదే నప్పిందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "నప్పింది. మొహం ఆయనదే కదా, ఫ్రేమూ అదే నప్పుతుంది."

"ఆయన కొట్టే ముందు కళ్ళజోడు తీసేవాడు. మెల్లిగా మడిచి, గుడ్డలో చుట్టి, జేబులో పెట్టుకునేవాడు, గీత పడకుండా. అది తీశాడంటే మాకు అర్థమయ్యేది." మావయ్య నవ్వబోయాడు. "దాన్ని భలే జాగ్రత్తగా చూసుకునేవాడే."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చనిపోయినవాడి మీద కోపం ఎక్కడ తీర్చుకోవాలో తెలియక పెట్టె మూత గట్టిగా తెరిచాను.

"దిగు. ఇక్కడే తీస్తాను. తాతయ్యది పైన బరువు, నల్ల రంగు. ఆ రెండూ తీసేద్దాం. వెడల్పు అలాగే ఉంచుదాం, అది నీ కణతలది, ఆయన సొత్తు కాదు."

బస్సు ఒళ్ళంతా బూడిద రంగు, షెడ్డు నీడ చల్లగా సమంగా ఉంది. ఇంతకంటే మంచి స్టూడియో దొరకదు. ఆరూ తీశాను, తీసినవి అక్కడే ఫోనులో పక్కపక్కన పెట్టాను. నాలుగోది తేనె రంగు, లోపల ముదురు మచ్చలు, చుట్టూ ఒకే మందం, మూలలు గుండ్రం. ఆయన చర్మంలో ఉన్న ఎరుపును ఆ తేనె రంగు పైకి తెచ్చింది. మూలల గుండ్రం దవడ కరుకుదనాన్ని కొంచెం తగ్గించింది. తాతయ్య ఎక్కడా లేడు. ముక్కు దగ్గర సందు లేదు, నవ్వినా కదల్లేదు. ఈసారి ఆ నవ్వు నేను అడిగి తెప్పించింది కాదు.

మావయ్య ఫోనును మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "వీడెవడో బాగున్నాడే."

"సరే. దూరం చూపుకు అద్దాలు వేయిస్తాను. నీకు యాభై రెండేళ్లు, ఆ వయసుకు దూరం అద్దాల్లోంచి దగ్గరివి ఆనవు, మైనస్ ఉంది కాబట్టి కాగితం చదవాలంటే కళ్ళజోడు తీసేస్తే చాలు."

"తీయకపోతే?"

"చదవడం కష్టం."

"తీయక్కర్లేనిది లేదా?"

అప్పుడర్థమైంది. ఒకే అద్దంలో పైన దూరం, కింద దగ్గర ఉండే రకం ఉందని చెప్పాను. మధ్యలో గీత కనిపించదు. మొదట్లో మెట్లు దిగుతుంటే నేల ఊగినట్టుంటుంది, కొన్నాళ్లు అలవాటుపడాలి, పక్కకు చూడాలంటే కళ్ళతో పాటు తల తిప్పాలి. దానికి అద్దం లోతుగా ఉండాలి, కనుపాప నుంచి కింది అంచు దాకా చోటు కావాలి. స్కేలు పెట్టి కొలిచాను. నాలుగో నంబరులో చోటుంది. బంగారు తీగలో ఉండేది కాదు, ఏడు ఓట్లు పడ్డా సరే.

శనివారం తయారై వచ్చింది. అత్తయ్య కూడా వెంట వచ్చింది. పెట్టాక కాడలు వేడి చేసి చెవుల వెనక వంచి సరిచేశాను. మావయ్య అద్దానికి నాలుగు అడుగుల దూరంలో నిలబడి తన మొహాన్ని చూసుకున్నాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగాడు.

"ఏంటే, నీకు ఇన్ని తెల్ల వెంట్రుకలా?"

"పెట్టుకున్న నిమిషానికే నోరు మొదలైంది" అంది అత్తయ్య. కానీ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కాగితం చేతికిచ్చాను, గడ్డం కొంచెం ఎత్తి కింది భాగంలోంచి గడగడా చదివేశాడు. రేపంతా ఇంట్లో పెట్టుకుని తిరగమన్నాను, సోమవారం బోర్డు ముందు పై భాగంలోంచి చూడమన్నాను. అందరికీ చెప్పే మాటే ఆయనకూ చెప్పాను: "పడుకునే ముందు తీసి డబ్బాలో పెట్టుకో మావయ్యా."

మావయ్య కళ్ళజోడు మీద ఒకసారి చెయ్యి వేసి, వెంటనే కిందికి దించేశాడు.

"మీ అత్తయ్య తీస్తుందిలే. నేను మాత్రం ఎవరి ముందూ తీయను."