ఎందుకు అనే గడి

ఆ లా కాలేజీలో ఆయన్ని అసలు పేరుతో తలుచుకునేవాళ్ళు లేరు. ఎందుకు మాస్టారు అంటేనే అందరికీ తెలిసేది. ఎవరేం చెప్పినా, సరిగ్గా చెప్పినా సరే, కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎందుకమ్మా?" అనేవారు. కోప్పడటం ఎరగరు, గొంతు పెంచరు. ఆ ఒక్క ముక్క అనేసి ఊరుకునేవారు. ఆ ఊరుకోవడంలోనే పిల్లల ప్రాణాలు పైకి పోయేవి.

పూర్వ తీర్పుల మీద ఆయన పాఠం మరీ చిక్కటిది. గుమ్మం దగ్గర మొదలుపెట్టిన వాక్యం కిటికీ దాకా నడిచేది. అక్కడ దానికో మినహాయింపు తగులుకునేది. బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆ మినహాయింపుకో షరతు, షరతుకో పాత కేసు. చివరికి క్రియాపదం వచ్చేనాటికి మొదట్లో కర్త ఎవరో రాసుకునేవాళ్ళకి గుర్తుండేది కాదు.

అలాంటి పాఠాన్ని ఒక్క మాట పోకుండా రాసుకునే పిల్ల ఒకతె వెనక బెంచీలో ఉండేది. మాటకారి కాదు. అవసరానికి మించి ఒక్క మాట ఖర్చు పెట్టదని క్లాసంతా ఆమెను పొదుపు అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లకీ ఆ పేరు అలవాటైపోయింది.

పొదుపు పక్కన కూర్చునేది అక్క. సొంత అక్క కాదు, వయసులో పెద్దది కాబట్టి అందరికీ అక్కే. పొద్దుట ఒక వకీలు ఆఫీసులో టైపు కొట్టి, మధ్యాహ్నానికి కాలేజీకి పరిగెత్తుకొచ్చేది. ఎందుకు మాస్టారి మౌఖిక పరీక్షలో రెండుసార్లు తప్పింది. చదవక కాదు, ఆయన ముందు కూర్చోగానే నాలుక అంగిలికి అతుక్కుపోయి. మూడోసారి కూడా తప్పితే కాలేజీ పుస్తకాల్లోంచి పేరు కొట్టేస్తారు, అది రూలు. పేరు పోతే ఆమె జన్మంతా ఇంకొకళ్ళ వాదనలు టైపు కొడుతూ కూర్చోవాలి.

"ఈ పాఠం నా బుర్రకెక్కదే పొదుపూ," అందొకరోజు లైబ్రరీలో. "నూలు చిక్కుపడ్డట్టుంది. కొస దొరకడం లేదు."

"విడదీసి ఇస్తాలే అక్కా," అంది పొదుపు.

అలా పుట్టింది ఆ పట్టిక. పెద్ద కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు నిలువు గడులు గీసింది. మొదటిది సూత్రం, రెండోది మినహాయింపు, మూడోదానికి ఏం పేరు పెట్టాలో తోచక మాస్టారి మాటే పెట్టింది: ఎందుకు.

మొదటి వరస, సూత్రం: కట్టుబడాల్సింది తీర్పు నిలబడ్డ కారణానికే, జడ్జిగారు మాటవరసకి అన్నదానికి కాదు. మినహాయింపు: పై కోర్టు మాటవరసకి అన్నా సరే, దానికి గౌరవం ఉంటుంది, కట్టుబాటు ఉండదు. ఎందుకు: ఆ మాట మీద రెండు పక్షాలూ వాదించుకోలేదు గనక. ఇలా ఒక్కో సూత్రానికీ ఒక్కో అడ్డు వరస. వాస్తవాలు అసలు విషయంలోనే వేరైతే పాత తీర్పు ఈ కేసుకు అంటదని ఒకటి. అంతే మంది జడ్జీలున్న ఇంకో బెంచి తీర్పు నచ్చకపోతే కాదనకూడదు, పెద్ద బెంచికి పంపాలని ఒకటి. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న పాఠం వరసలో నిలబడుతుంటే పొదుపుకే ముచ్చటేసింది.

ఆఖరి వరస ఇది. సూత్రం: పై కోర్టు తీర్పుకు కింది కోర్టు కట్టుబడాలి. మినహాయింపు: వర్తించే చట్టాన్ని చూసుకోకుండా ఇచ్చిన తీర్పు కట్టుబాటు కాదు. ఎందుకు: ఏ కోర్టుకా కోర్టు తన బుద్ధికి తోచినట్టు పోతే వీధికో చట్టం అవుతుంది, మామూలు మనిషి దేన్ని నమ్ముకుని నడవాలి?

క్లాసంతా ఆ పట్టిక కోసం ఎగబడింది. జిరాక్సు తీయించే పని అందరూ అప్పీలు అని పిలిచే అబ్బాయి తీసుకున్నాడు. మార్కులు ఎన్నొచ్చినా ఇంకో నాలుగు అడిగి చూసే కుర్రాడు, అందుకే ఆ పేరు. పెద్ద కాగితం మిషన్లో పట్టలేదు. "ఎందుకు అనేది ఆయన అడుగుతాడు, మనం చెప్పాల్సింది మిగతా రెండే," అని మూడో గడి వెనక్కి మడిచేసి, రెండు గడులే తీయించాడు. అసలు కాగితం అక్క దగ్గరే ఉంది. టైపు కొట్టేటప్పుడు మిషను పక్కన పెట్టుకుని వల్లించుకునేది.

పరీక్ష రోజు వరండా అంతా పెదాలు కదుపుతున్న మొహాలే. మాస్టారి గది తలుపుకు పైన చిన్న అద్దం పలక. తలుపు పక్కన స్టూలు మీద అటెండరు, చేతిలో పేర్ల కాగితం. లోపలికి వెళ్ళి వచ్చిన మొదటి ముగ్గురూ ఎవరితోనూ మాట్లాడకుండా మెట్ల మీద కూలబడ్డారు.

అక్క వంతు వచ్చింది. పట్టిక కాగితం పొదుపు ఒళ్ళో పెట్టి, చీర కొంగు సర్దుకుంది.

"నోరు పెగలకపోతే?"

"గడి గుర్తు తెచ్చుకో అక్కా. అంతా గడిలోనే ఉంది."

తలుపు మూసుకుంది.

అప్పీలు వచ్చి పక్కన కూర్చుని తన రెండు గడుల కాగితం విసనకర్రలా ఊపుకున్నాడు. "ఏమాటకామాటే, నీ ఆఖరి వరస నాకు తెగ నచ్చింది. నేను రేపు మేజిస్ట్రేటునైతే పండగే. పై కోర్టు తీర్పు నచ్చలేదనుకో, 'అయ్యా, తమరు చట్టం చూసుకోలేదు' అనేసి చెత్తబుట్టలో వేస్తా. నన్ను అడిగేవాడు లేడు."

పొదుపు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

అలా కుదరదు. కుదరకూడదు. ఎక్కడో తేడా కొట్టింది. సంచీలోంచి క్లాసులో రాసుకున్న పుస్తకం లాగి, గబగబా పేజీలు తిప్పింది. మాస్టారి వాక్యం దొరికింది. గుమ్మం, కిటికీ, బల్ల, అన్నీ ఉన్నాయి అందులో. బెల్లు కొట్టాక, పిల్లలు లేచి నిలబడ్డాక ఆయన అన్న చివరి తోక పేజీ అంచున నిలువుగా, తన చేతిరాతే: "...అయితే అలా పక్కన పెట్టే అధికారం తీర్పిచ్చిన కోర్టుకో దాని పై కోర్టుకో తప్ప, దానికి లోబడిన కింది కోర్టుకు లేదు."

గడి ఇరుకైంది. తోక పట్టలేదు. మినహాయింపు ఏమిటో రాసింది, అది ఎవరి చేతిలో ఉంటుందో రాయలేదు.

పొదుపు లేచి మెట్ల మీద ఉన్న ముగ్గురి దగ్గరికి పరిగెత్తింది. "ఆఖరి వరస అడిగారా?"

"అదొక్కటే అడుగుతున్నారు," అన్నాడొకడు తలెత్తకుండా. "పెట్టచ్చు సార్ అన్నా. పట్టికలో ఉన్నట్టే. ఎందుకు నాయనా అన్నారు. ఇంకేం చెప్పను? వెళ్ళమన్నారు."

ఆమె తలుపు దగ్గరికి తిరిగొచ్చింది. అద్దం పలకలోంచి అక్క వీపు కనిపిస్తోంది. కదలని వీపు. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. అంటే అడిగేశారన్నమాట. ఊరుకున్నారన్నమాట.

సంచీలో చిన్న కాగితం ముక్క దొరికింది. 'కింది కోర్టుకు లేదు' అని గీకింది. అటెండరు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని లేచాడు.

"లోపలికేనా బాబాయ్?"

"అయ్యగారికి. ఎందుకమ్మా?"

ఆ మాట ఇతని నోట కూడా రావడంతో ఆమె ఉలిక్కిపడింది. చీటీ గుప్పిట్లో మూసింది. ఇది దొరికితే కాపీ కింద లెక్క. పరీక్ష తప్పడం కాదు, అక్క ఇంకెక్కడా చదవకుండా పోతుంది. ఇవ్వకపోతే తన చేత్తో తనే ముంచినట్టు.

"ఏం లేదు," అంది. చీటీ నోట్లో పెట్టుకుంది. నమిలి మింగేసింది. అప్పీలు నోరు తెరుచుకుని చూశాడు.

ఎంతసేపు గడిచిందో, తలుపు తెరుచుకుంది. అక్క వచ్చి గోడకి ఆనుకుంది. మొహాన నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఆ గడి తప్పు. నాదే తప్పు. నేను..."

"తెలుసు," అంది అక్క. "కాస్త ఊపిరి పీల్చుకోనియ్యి."

నీళ్ళు తాగాక చెప్పింది. "పెట్టచ్చు సార్ అనేశా. ఎందుకమ్మా అన్నారు. ఇంక చూసుకో, నాలుక అతుక్కుపోయింది. కళ్ళు మూసుకుంటే నీ కాగితం కనబడింది. మూడో గడి చదువుకున్నా. వీధికో చట్టం అవుతుంది. చదువుకుంటూ ఉంటే తట్టింది, ఏ మేజిస్ట్రేటుకా మేజిస్ట్రేటు పై తీర్పు తప్పని పక్కన పెడితే అయ్యేదీ అదేగా? మినహాయింపు చెప్పేదీ దాని పక్క గడి చెప్పేదీ కొట్టుకుంటున్నాయే. తప్పు చెప్పాను సార్ అన్నా. కింది కోర్టు పాటించాల్సిందే, అనుమానం ఉంటే తీర్పులో రాసి, అప్పీలులో పైవాళ్ళు సరిదిద్దుకునేట్టు వదలాలి, లేకపోతే మనిషికి నమ్మకం మిగలదు అన్నా. అంత మాట నేనేనా అనిపించింది."

"ఆయనేమన్నారు?"

"ఎందుకమ్మా అని మళ్ళీ అడగలేదు. పాస్ అని నా ఎదురుగానే రాశారు." అక్క కళ్ళు తుడుచుకుంది. "తర్వాత పేరు నీదేనట, రమ్మన్నారు."

పొదుపు లోపలికి వెళ్ళగానే మాస్టారు కూర్చోమన్నారు. పొదుపు కుర్చీ అంచున కూర్చుంది.

"చట్టం చూసుకోకుండా పై కోర్టు తీర్పిచ్చింది. కింది కోర్టు పక్కన పెట్టచ్చా?"

"పెట్టకూడదు సార్."

"పొద్దుట్నుంచి నలుగురు పెట్టచ్చన్నారు. అవే మాటలు, అదే వరస. ఒకావిడే వెనక్కి తీసుకుంది." కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎందుకమ్మా?"

ఇది పాఠంలో లేని ప్రశ్న. తెలియదంటే సరిపోతుంది. ఎవరూ తన పేరు చెప్పలేదు.

"గడి ఇరుకైంది సార్," అంది. "గీసింది నేనే, మూడు గడులు: సూత్రం, మినహాయింపు, ఎందుకు. మినహాయింపు ఎవరిదో వదిలేశాను."

మాస్టారు మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు.

"వాళ్ళలో ముగ్గురు మూడో గడి లేకుండా బట్టీ పట్టారు. తెలుస్తూనే ఉంది. నీకు మార్కులు తర్వాత వేస్తా. వాళ్ళని మళ్ళీ పిలుస్తాను, కాసేపాగి. ఈలోగా వాళ్ళచేత ఆ మూడో గడి చదివించు. నువ్వు మాత్రం జవాబు చెప్పకు. చెబితే నాకు తెలుస్తుంది."

పొదుపు బయటికి వచ్చి మెట్ల మీద అసలు కాగితం పరిచింది. మెట్ల మీది ముగ్గురూ, అప్పీలూ చుట్టూ చేరారు. మూడో గడి లేని తన జిరాక్సు చూసుకుంటూ అప్పీలు, "చెప్పెయ్యవే, పుణ్యముంటుంది," అన్నాడు. ఈసారి వాడి గొంతులో హాస్యం లేదు.

ఆమె ఆఖరి వరసలో రెండో గడి మీద వేలు పెట్టి, పక్క గడి మీదికి జరిపింది.

"ఈ రెండూ కలిపి చదవండి," అంది. అద్దం పలకలోంచి మాస్టారు చూస్తున్నారేమో, తలుపు వైపు చూడకుండా ఉండటానికి ఆమెకి చాలా కష్టమైంది.