ఫోన్ లాక్కోనని మాటిచ్చాను

బట్టల ఫ్యాక్టరీలో నా పని తప్పులు పట్టడం. వంకర కుట్టు కనబడితే ఎర్ర స్టిక్కర్ అంటించి వెనక్కి పంపుతాను. పదిహేనేళ్ల కూతురికీ ఫోన్‌లో అలాగే మెసేజ్ రాశాను: ఎప్పుడు చూసినా ఫోనే, పిలిస్తే పలకవు, మార్కులు పడిపోయాయి, ఇలాగే ఉంటే లాక్కుంటాను.

పంపేముందు పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే అన్నకు చూపిస్తే పగలబడి నవ్వాడు.

“ఇది పిల్లకి రాసిన మాటా, తిప్పి పంపిన చొక్కానా? అన్నీ తప్పులే ఉన్నాయి, ఒక్క ప్రశ్న లేదు. ఇంక అది ఏం మాట్లాడుతుందమ్మా?”

ఒళ్లు మండింది. అయినా టీ విరామంలో అంతా చెరిపేశాను. ‘ఎప్పుడూ’ అన్న మాట తీసేసి, కళ్లతో చూసినదే రాశాను.

“ఈ వారం మూడుసార్లు ఫోన్ చూస్తూ భోజనం సగంలో వదిలేసి లేచావు. నాకు కోపం కంటే దిగులెక్కువైంది. ఇంటికి రాగానే నేనూ ఫోన్ పట్టుకుంటాను, ఆ తప్పు నాదే. నీ ఫోన్‌లో నీకంతగా ఏముందో తెలుసుకోవాలనుంది. నీకు వీలైనప్పుడు చెప్తావా? వింటాను. ఫోన్ లాక్కోను. ఏం చేయాలో ఇద్దరం కలిసే అనుకుందాం.”

పంపగానే చూసింది. ఆ పూట ఎన్ని చొక్కాలు చూశానో, ఎన్ని తప్పులు వదిలేశానో దేవుడికే తెలియాలి. పని దిగే వేళకు ‘సరే’ అని వచ్చింది.

ఇంట్లో మంచం చివర కూర్చుంది. నా ఫోన్ బీరువాలో పెట్టేసి వచ్చాను.

“విన్నాక లాక్కోవు కదా?”

“లాక్కోను.”

“క్లాసు గ్రూపులో నా ఫొటోలు మార్చి పెడుతున్నారమ్మా. రోజుకొకటి. అందరూ నవ్వుతారు.”

ఆ ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. చేతులు ఒళ్లో బిగించుకున్నాను.

“ఎవరు వాళ్లు?”

“పేర్లడిగితే లేచిపోతా.”

“సరే, అడగను. ఆ ఫొటోలు మాత్రం చెరిపెయ్యకు, మనకు అవసరం పడతాయి. ఇద్దరం కలిసి టీచరుకు చెబుదామా?”

“ఇప్పుడే వద్దు. రేపు ఆలోచిద్దాం.”

“పోనీ, ఆ గ్రూపు చూడకుండా ఉండలేవా తల్లీ?”

“నేను చూడకపోతే వాళ్లు చూడరా? పొద్దున్నే ఏం పెట్టారో తెలిస్తే, మొహం సిద్ధం చేసుకుని వెళ్తా.”

“సిద్ధం చేసుకోవడమేంటి?”

చేసి చూపించింది. కనుబొమ్మలు కాస్త పైకి, పెదవి ఓ పక్కకి, ఎవరన్నా లెక్కలేనట్టు. కన్నతల్లిని, ఆ మొహం వెనక నా పిల్ల ఎక్కడుందో నాకే తెలియలేదు.

“నమ్మేలా ఉందా?” అంది.

“ఉంది,” అన్నాను. నెల రోజులుగా ఆ మొహాన్నే పొగరనుకుని తిడుతున్నది నేనే.