చివర కోసేసిన నాలుగు లైన్లు

తరగతిలో ఆ అమ్మాయిని అందరూ ఫుట్‌నోట్ అనే పిలిచేవాళ్ళు. చరిత్రలో ఎం.ఏ. చేసి జర్నలిజంలో చేరిన పిల్ల. వాన పడుతోందే అంటే, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది అని అడిగే రకం. అంత జాగ్రత్త మనిషి చేతిలోనే ఇంత పనీ జరిగింది, చూడండి మరి!

కాలేజీ వాళ్ళు వారానికోసారి నాలుగు పేజీల పత్రిక వేసి చుట్టుపక్కల వీధుల్లో ఉచితంగా పంచుతారు. ఆ వారం మాస్టారు ఆమెకు రెండు కాగితాలిచ్చి, రెండూ కలిపి సొంత మాటల్లో వార్త రాయమన్నారు. ఒకటి కోల్డ్ స్టోరేజీ కంపెనీ పంపిన ప్రకటన. ఆపరేటర్ వాల్వ్ మూయడం మరిచిపోవడం వల్లే గ్యాస్ లీకైందని అందులో ఉంది. రెండోది వార్తా సంస్థ పంపిన కథనం. ఆపరేటర్ చనిపోయాడని, ఆరుగురు ఆసుపత్రిలో ఉన్నారని, కారణమేమిటో ఇంకా తేల్చలేదని పోలీసులు చెప్పారని అందులో ఉంది.

ఆమె ఒక్క వాక్యం కూడా ఎత్తి రాయలేదు. 'ఆపరేటర్ మతిమరుపు ఒక ప్రాణం తీసింది' అని మొదలుపెట్టి, ఆ వాక్యం నెత్తిన చిన్నగా 1 అని అంకె వేసింది. అడుగున పోలీసుల మాట, దాని కింద 'ఆధారాలు: 1. కంపెనీ ప్రకటన. 2. వార్తా సంస్థ కథనం' అని తేదీలతో సహా పెట్టింది. కాపీ కొట్టలేదు, అంతా చెప్పి రాశానని మురిసిపోయింది పిచ్చిది.

ఆ రోజు కంటి ఆపరేషన్ ఉండి మాస్టారు రాలేదు. పేజీ పెట్టేవాడికి చోటు చాలక, ఏ వార్తనైనా కోసేది అడుగునుంచే కాబట్టి, అడుగున కోశాడు. నాలుగు లైన్లు పోయాయి. నెత్తినున్న అంకె అచ్చుతప్పనుకుని అదీ తీసేశాడు. మిగిలింది ఆపరేటర్ మతిమరుపొక్కటే.

సోమవారం పొద్దున ఒకావిడ పత్రిక మడిచి పట్టుకుని క్లాసులోకొచ్చింది. ఆపరేటర్ భార్య.

"ఇది రాసిందెవరమ్మా?"

ఫుట్‌నోట్ లేచి నిలబడింది.

"మతిమరుపా ఆయనకి? వీధి చివరిదాకా వెళ్ళినోడు మళ్ళీ వెనక్కొచ్చి, గ్యాస్ కట్టేశావా అని అడిగేవాడు తల్లీ. నవ్వేదాన్ని నేను. ఆ వాల్వ్ బిగుసుకుపోయింది, మార్చండి మార్చండి అని నెల రోజుల నుంచి వాళ్ళ దగ్గర మొత్తుకుంటున్నాడు. ఇప్పుడు మా పిల్ల బడికి పోనంటోంది. మీ నాన్న వల్లే మా నాన్న ఆసుపత్రిలో పడ్డాడని తోటి పిల్లలు అంటున్నారట."

"కింద రాశానక్కా, అది కంపెనీ చెప్పిందని..." ఆమె తన అసలు కాపీ తీసి చూపించబోయింది.

కంటి ఆపరేషన్ తర్వాత పెట్టుకున్న నల్ల కళ్ళద్దాలతోనే క్లాసుకొచ్చిన మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "ఆగమ్మా. నీ థీసిస్ చదివేవాడు అంకె చూసి కిందికెళ్ళి సరిచూసుకుంటాడు. వీధిలో మనిషి టీ చల్లారేలోపు చదివి మడిచేస్తాడు. థీసిస్‌లో నీకెక్కడ దొరికిందో చెప్తే సరిపోతుంది. పత్రికలో ఆ మాట ఎవరిదో, ఆ మాట పక్కనే చెప్పాలి. లేకపోతే అది మన మాటైపోతుంది. అయిపోయింది కూడా." "చూడకుండా వదిలిన తప్పు నాది" అన్నారు ఆవిడతో.

సవరణ వేస్తామన్నారు. మొదటి పేజీలోనే, ఆవిడ మాటతోనే వేస్తామన్నారు. ఫుట్‌నోట్ అక్కడే కూర్చుని రాసింది. కళ్ళు మసకలైపోతుంటే తుడుచుకుంటూ రాసి, పైకి చదివింది. "'వాల్వ్ బిగుసుకుపోయిందని, మార్చమని తన భర్త నెల రోజులుగా కంపెనీకి చెబుతూ వచ్చారని కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్ భార్య అన్నారు. ఆపరేటర్ మరిచిపోవడమే కారణమని కంపెనీ తన ప్రకటనలో పేర్కొంది. కారణం ఇంకా తేల్చలేదని పోలీసులు చెప్పినట్లు వార్తా సంస్థ తెలిపింది.'"

ఆవిడ శ్రద్ధగా విన్నది. "నేను అన్నానని ఎందుకమ్మా? జరిగిందే కదా, జరిగిందని రాయొచ్చుగా?"

"మీరు చెప్పారు గానీ... రుజువుగా మా చేతిలో కాగితమేదీ లేదక్కా."

"అంటే, నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేకపోతే లేదు. అంతేనా?"

ఫుట్‌నోట్ తలూపింది.

"మొన్న కంపెనీ మాట మాత్రం, వాళ్ళన్నారని లేకుండానే వేశారు కదమ్మా" అంది ఆవిడ. గొంతులో కోపం కూడా లేదు.

తిడితే బాగుండేది. ఫుట్‌నోట్ 'అన్నారు' మీద కలం ఆనించి చాలాసేపు కూర్చుంది. కొట్టేయాలని ప్రాణం కొట్టుకుంది.

"ఉంచాల్సిందేనక్కా" అంది చివరికి ఏడుస్తూ.

"సరే, ఉంచు. నేనే అన్నానని రాయి" అంది ఆవిడ పత్రిక మడుచుకుంటూ. "చెప్పుకోడానికి ఆయన లేడుగా."