గోడ కింది రాళ్లు

మా ఇంటికీ ఘనీ ఇంటికీ నడుమ ఒక్కటే మట్టిగోడ. ఎల్లారెడ్డిల మా గల్లీకంతా ఎరుకే, అది ఇద్దరి గోడ అని. మా ఆయన ఎంకయ్య, ఘనీ వాళ్ల నాయిన గఫూర్ అన్న, ఇద్దరు కలిసి మన్ను తొక్కి లేపిన్రు. అప్పటికి నా పెండ్లయి రెండేండ్లు. ఇద్దరికీ అంబలి పోసింది నేనే. దీపం పెట్టే గూడు మా దిక్కు ఒకటి, వాళ్ల దిక్కు ఒకటి తొలిచిన్రు. ఒక్కనిదే గోడైతే పక్కింటోడు దాంట్ల గూడు తొలవనిస్తడా?

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఘనీ దుబాయిల ఉన్నడు. ఎనభై ఆరుల ఎండాకాలం, పాత ఇల్లు తీసి ఇటుకలతోని కట్టుమని పిట్లం నుంచి మైసన్న అనే మేస్త్రిని పెట్టిచ్చిండు. కట్టుకోని, మంచిదే. ఆ పోరడు నా చేతుల మీద ఆడినోడు.

ఒకనాడు పొద్దుగాల పాలు పిండి బయటికొస్తే, మా సందుల దారం కట్టి ఉన్నది. గోడ మీద గాదు, గోడకు ఇవతల, నా సందుల. దారం పొంటి సున్నం గీత.

సందు గురించి చెప్పాలె. వాకిట్లకెళ్లి దొడ్లకు పోవాలంటే మాకు అదే తొవ్వ. వెడల్పు రెండు మూరలు. మా బర్రె సూడిది, నెల తిరిగితే ఈనుతది. అప్పటికే దాని కడుపు రెండు దిక్కుల గోడలకు తగులుతున్నది. మైసన్న దారం కాడ గోడ లేస్తే బర్రె దొడ్లకు పోదు, దొడ్లకెళ్లి రాదు. నేనే అడ్డం తిరిగి పోవాలె.

"ఏంది నాయినా ఇది?" అన్న.

"గోడ అవ్వా. అడుగు ఇక్కడిదాంక ఉన్నది, చూడు" అని పారతోని తట్టిండు.

"అది గోడ గాదు. నేను పోసిన మన్ను."

"పోసినవ్ గద. గోడకే పోసినవ్. ముప్పై ఏండ్లు పోస్తే అది గోడే అయితది" అని నవ్విండు. పక్కన కూలోళ్లు కూడ నవ్విన్రు.

నాకు ఒళ్లంత మండింది. ఏటేట మిర్గం వానల ముంగట ఎర్రమన్నుల పొట్టు కలిపి, ఆ గోడ అడుగుకు ఒత్తింది నేను. వాన దెబ్బకు అడుగు కరిగిపోతదని, ఇద్దరి గోడ పడిపోతదని. నడుము పట్టుకపోయినా ఒత్తిన. గోడను బతికిచ్చిన మన్ను ఇప్పుడు నా మీదనే సాక్ష్యం చెప్తున్నదట.

ఘనీ భార్య తాహేరా కాడికి పోయిన. బాన్సువాడ పిల్ల, మర్యాదస్తురాలు.

"నాకేం తెలుసు అవ్వా, ఆయన చెప్పిందే మేస్త్రి చేస్తడు. మీరు ఆయనకే రాయుండ్రి" అన్నది.

రాస్త అన్న. వయోజన విద్య బడిల నేర్చుకున్న అక్షరాలు నాయి, గుమ్మడికాయలంత ఉంటయి. కాయితం మీద కూసోని కోపమంత పోసిన. "మీ నాయిన ఉంటే నీ చెంప పగులగొడుతుండె. దుబాయి పైసలు కండ్లకు గంతలు కట్టినయా. నా సందు మింగినోళ్లు బాగుపడరు. సర్పంచ్ కాడికి పోత, ఠాణాకు పోత." రెండు పుటలు నిండినయి.

మా కోడలు భూమక్కకు ఇచ్చి చదువుమన్న. చదివింది, మడిచింది, నా ఒళ్లె పెట్టింది.

"అత్తా, దీంట్ల దారం ఏడ కట్టిన్రో లేదు. నువ్వు ఏం అడుగుతున్నవో లేదు. ఘనీ అన్న ఇది చదివి ఏం జేస్తడు?"

"సిగ్గు పడుతడు."

"పడడు. మేస్త్రిని జల్ది కట్టుమని రాస్తడు."

మంచినీళ్లు తాగిన. రెండో కాయితం తీసిన. ఈసారి ఒక్కో మాట రాసి, దాంట్ల కోపం ఉంటే కొట్టేసిన. మింగుడుపడని మాత్రలు మింగినట్టే అయింది.

"బిడ్డా ఘనీ, పోచవ్వ రాసేది. నువ్వు బాగున్నవని అనుకుంటున్న. ఇల్లు కడుతున్నవు, సంతోషం. మన నడుమ గోడ మీ అబ్బా, మీ ఎంకయ్య కాకా కలిసి లేపింది. రెండు దిక్కుల గూళ్లు ఉన్నయి, నీకు యాదికుంటది. మేస్త్రి దారం మా సందుల పడ్డది. గోడ అడుగుకు నేను ఏటేట ఒత్తిన మన్నును కూడ గోడ అని లెక్కపెట్టిండు, అది ఆయన తప్పు అనుకుంటున్న, నీది గాదు. ఆ మన్ను తొవ్వి, గోడ కింది పునాది రాళ్లు చూద్దాం. రెండు ఇండ్లోళ్లు నిలబడి చూద్దాం. రాళ్ల నడుమ దారం కడుదాం. రాళ్లు ఏడ చెప్తే నేను ఆడనే ఒప్పుకుంట. కొత్త గోడల నా సగం కూలి నేను పెట్టుకుంట. నీ జవాబు వచ్చేదాంక ఈ దిక్కు ఆపి, తక్కిన మూడు దిక్కుల కట్టుమని మేస్త్రికి చెప్పు. బర్రె ఈనేటట్టున్నది, సందు దానికి కావాలె."

అది దుబాయికి పోస్టుల ఏసే ముందు, ఇంకో కాయితం మీద ఎత్తి రాసి తాహేరాకు ఇచ్చిన. మూడో నకలు నా పెట్టెల దాసిన. రాసింది తర్వాత ఒకరు ఒకటనొద్దు, ఒకరు ఇంకోటనొద్దు.

తాహేరా కడప మీదనే నిలబడి చదివింది. మధ్యల ఒకసారి మొఖం ఎత్తి నన్ను చూసింది. అడిగిందల్ల ఒక్కటే:

"తిట్టలేదేంది అవ్వా?"

"తిట్లు వేరే కాయితం మీద ఉన్నయి. అది పొయ్యిల పెట్టిన."

ఆ రోజే మైసన్నను పిలిచి ఈ దిక్కు ఆపుమన్నది. ఆయన గునిగిండు. "ముసలామె కాయితానికే ఆగిపోతరా" అని నాకు వినపడేటట్టే అన్నడు. ఉత్తరం చదివినోళ్లు ఆగిన్రు గద, ఆయనతోని నాకేం పని.

ఇరవై రెండు రోజులకు ఘనీ ఉత్తరం వచ్చింది. "అవ్వా, మా దిక్కు గూట్ల నేను ఆడుకునే గోటీలు దాసేది. రాళ్లు చూడుండ్రి. నడుమ కట్టుమని మైసన్నకు రాసిన." అంతే, ఇంకో మాట లేదు.

మర్నాడు రెండు ఇండ్లోళ్లం నిలబడ్డం. నడుమ ఏడ ఉంటదో నాకు ముందే తెలుసని, తవ్వక ముందే గోడ కొసకు నేలల ఒక మేకు కొట్టిన. మైసన్న మనుషులు నేను పోసిన మన్ను తొవ్విన్రు. ముప్పై ఏండ్ల పొరలు, ఒక దాని మీద ఒకటి, రొట్టెల తీరు లేచినయి. కింద నల్లరాళ్లు బయటపడ్డయి. ఆ దిక్కు, ఈ దిక్కు కొలిచి మైసన్న నడుమ దారం కట్టిండు.

దారం నా మేకుకు నాలుగు వేళ్లంత ఇవతల, మా దిక్కే పడ్డది.

"అవ్వా, నీ మేకు తప్పింది" అన్నడు మైసన్న. పండ్లన్నీ కనపడ్డయి.

నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ముప్పై ఏండ్లు నేను చూసిన గోడ, దాని నడుమ నాకు ఎరుక గాదా? అనాలనిపిచ్చింది. తాహేరా నా మొఖమే చూస్తున్నది. భూమక్క కూడ. పెట్టెల నకలు ఉన్నది, దాంట్ల నా అక్షరాలే ఉన్నయి, రాళ్లు ఏడ చెప్తే ఆడనే అని.

వంగి మేకు నేనే పీకిన. "కట్టు" అన్న.

పాత గోడ తీసిన్రు, కొత్త గోడ లేసింది. మన్ను పోయినందుకు, ఇటుక గోడ సన్నమైనందుకు, సందు ముందుకన్న జానెడు వెడల్పయింది. మొదటి రోజు బర్రెను తోలుకపోయిన. కడుపు ఏ దిక్కూ తగలలే. మైసన్న పరంజా మీదికెళ్లి చూస్తున్నడు.

"పోతున్నదే అవ్వా" అన్నడు.

"పోతది. ముప్పై ఏండ్ల సంది మా బర్రెలు పోతనే ఉన్నయి, నువ్వు రాకముందు నుంచే" అన్న.

తప్పు ఒప్పుకున్న మాట మాత్రం ఆయన నోట్లకెళ్లి ఇప్పటికీ రాలే. దానికి కూడ ఒక ఉత్తరం రాయాలె.