చేరిన నాలుగో రోజే సెలవు చీటీ

పుష్పలత అమలాపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి నాలుగు రోజులైంది. ఏప్రాను జేబులో సెలవు చీటీ చెమటకు మెత్తబడిపోయింది. పొద్దుటినుంచి మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టేసింది.

అన్నయ్య జాషువా ఓడలో పనిచేస్తాడు. ఏడాదికోసారి వస్తాడు. ఈసారి ఇంటిల్లిపాదీ వేళాంగణి మాత చర్చికి వెళ్ళాలని మూడు నెలల కిందటే రైలు టికెట్లు తీశారు. వచ్చే గురువారం ప్రయాణం, తిరిగి రావడం సోమవారం. ఈ ఉద్యోగం మాత్రం మొన్న వచ్చింది.

"ఎందుకే భయం? ఆ రోజు జ్వరమని ఫోను చేసెయ్," అన్నాడు రాత్రి ఇంట్లో జాషువా.

అబద్ధం బయటపడితే? చివరికి ల్యాబ్ ఇన్‌ఛార్జి నిర్మలకు చీటీ ఇచ్చింది.

నిర్మల చదివి తల పట్టుకుంది. "ప్రొబేషన్‌లో సెలవులుండవమ్మా. నేను ఇవ్వలేను. పైన రాజేంద్రప్రసాద్ గారిని అడగాలి. నాతో నువ్వూ రా."

నిర్మల వెనకే మెట్లెక్కింది. పోయిన నెల ఒకమ్మాయిని వారంలోనే పంపేశారని స్టాఫ్‌రూములో విన్నది గుర్తొచ్చింది.

ఆసుపత్రి పరిపాలన చూసే రాజేంద్రప్రసాద్ చీటీ చదివి కళ్ళద్దాలు తీశాడు. "ఇంటర్వ్యూలో అడిగేను కదమ్మా, దగ్గర్లో ప్రయాణాలేమైనా ఉన్నాయా అని. లేవన్నావు."

పుష్పలత ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఆయ్, అన్నానండీ. చెబితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయమేసిందండీ. చేరగానే అడగడం తప్పేనండీ. మీరు కాదంటే ఆగిపోతానండీ."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చీటీ మళ్ళీ చదివాడు. ఇక ఇంటికి పొమ్మంటాడని ఆమె నిశ్చయించుకుంది.

"పొద్దుటి రక్తపు శాంపిళ్ళు ఎవరు తీస్తారు?" అని నిర్మలను అడిగాడాయన.

"పైకొచ్చే ముందే మన ల్యాబు అప్పలస్వామిని అడిగేనండీ. ఈ అమ్మాయి తర్వాత అతని రెండు ఆదివారాలు చేస్తే, తను ఈ డ్యూటీలు చేస్తానన్నాడండీ."

"ఐదు రోజులు కుదరదు. సోమవారం ఉచిత వైద్య కేంపుంది, ఆ పొద్దున్న ఇక్కడుండాలి. గురువారం నుంచి ఆదివారం దాకా జీతం లేని సెలవు. ప్రొబేషన్ నాలుగు రోజులు పెరుగుద్ది. ఇష్టమైతే చీటీ మార్చి రాసుకురా. ఇంకోసారి ముందే చెప్పమ్మా. అడగంగానే మింగేసేవాళ్ళం కాదు."

"ఆయ్, మార్చి రాసుకొస్తానండీ," అంది పుష్పలత.

కిందికొచ్చి అమ్మకు ఫోను చేసింది. అందరికంటే ఒకరోజు ముందే వెనక్కి రావాలని, అదీ ఒక్కతే రావాలని చెబుతుంటే మళ్ళీ భయం పట్టుకుంది.

"ఒక్కదానివెందుకొస్తావే? నీతోబాటు నేనొచ్చేస్తాను. మీ నాన్నగారూ అన్నయ్యా తర్వాత వస్తారు," అంది అమ్మ.

చీటీ తిరగరాసి సంతకం పెడుతుంటే అక్షరాలు వంకర్లు పోయాయి. అప్పటికే కౌంటరు దగ్గర ఒక ముసలమ్మ చెయ్యి చాపుకుని కూర్చుంది. పుష్పలత సూది అందుకోబోతే, చీటీలో ఆ రాత చూసిన నిర్మల ఆపింది.

"ఆగు. కాసిని మంచినీళ్ళు తాగి కూచో. ఈవిడకి నేను తీస్తాను."