కోదండం కార్డు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీరు: మంచం మీద మామ్మ దెబోరా, గోడకి ఆనుకుని చిన్నాన్న జయరాజు, పొయ్యి దగ్గర పిన్ని విజయ కుమారి, ఆమె చంకలో ఏడుపు ఆపని పిల్ల, తాత కూర్చునే స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని ఓడరేవు కూలీల సర్దారు భానుమూర్తి. తలుపు వెనక మనవరాలు డోర్కాస్. ఇక లెక్కకు తాత కూడా ఉన్నట్టే. తొమ్మిది రోజుల కిందట ఆయన్ని సమాధి చేసి వచ్చారు గాని, రేషను కార్డు మాత్రం ఇంకా గోడమీది మేకుకి మిగతా కార్డులతో పాటు వేలాడుతోంది.

డోర్కాస్‌కి పదిహేనేళ్ళు. భీమిలి దగ్గర ఊళ్ళో తొమ్మిదో తరగతి వరకూ చదువుకుంది. తాతకి జబ్బు చేసిందని ఆర్నెల్ల కిందట ఈ ఓడరేవు పక్క ఏక్‌బాల్‌పూర్ తీసుకొచ్చారు. ఇంట్లో చేతిరాత కుదురుగా ఉన్నది ఆమెకే. కాబట్టే ఆవేళ సర్దారు ఆమెను పిలిచాడు.

"ఏటే గుంటా, తలుపు సాటున నక్కీసావు? ఇలా రా. కాగితం తే."

డోర్కాస్ వచ్చి నిలబడింది.

"మీ తాత పేరేటి?"

"యేసురత్నం."

"అది సర్చిలో పేరు. డాక్‌లో పేరేటో ఆ ముసిల్దాన్ని అడుగు."

మామ్మ కళ్ళు మూసుకుంది.

సంగతి ఇదీ. తాత ఇరవయ్యేళ్ళ వయసులో ఓడరేవు డాక్‌లో చేరినప్పుడు కోదండం. పదేళ్ళ తరువాత బాప్తిస్మం పుచ్చుకుని యేసురత్నం అయ్యాడు. డాక్ రిజిస్టరులో పేరు మార్పించాలంటే ఒక పూట పని పోతుందనీ, ఆఫీసులో ఎవరి కాళ్ళు పట్టుకోవాలోననీ ఊరుకున్నాడు. పెన్షను పుస్తకం, రేషను కార్డు, ఫోటో అంటించిన పాసు, అన్నీ కోదండం పేరునే సాగాయి. చనిపోయాక సమాధుల తోటలో ఇచ్చిన చీటీ మాత్రం యేసురత్నం పేరున. దాన్ని చూసి కార్పొరేషనువాళ్ళు ఇచ్చిన మరణ పత్రమూ అదే పేరున. పాత పేరు సంగతి అక్కడ చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"సచ్చింది యేసురత్నం," అన్నాడు భానుమూర్తి నవ్వుతూ. "కోదండం బతికే ఉన్నాడు. గార్డెన్ రీచ్‌లో నా మనిషి ఒకడున్నాడు. అదే వయసు, అదే తెల్లజుట్టు. ఆఫీసోళ్ళు సూడ్డానికొస్తే ఆణ్ణి మంచాన సూపిస్తాను. కార్డు, పుస్తకం, పాసు నాకిచ్చీయండి, పెన్షనూ రేషనూ నేను తెచ్చుకుంటాను. ఈ గుంట నాలుగు ముక్కలు రాస్తాది. నా పెనిమిటి కోదండం మంచాన పడి ఉన్నాడు, కదలలేడు అని. ముసిల్ది ఏలిముద్ర ఏస్తాది. అంతే."

"సర్దార్, తప్పు కదా..." చిన్నాన్న గొణిగాడు.

"తప్పా?" భానుమూర్తి అతని వైపు చూడకుండానే అన్నాడు. "రేపు పొద్దుట డాక్ గేటు దగ్గర పనికి పేర్లు పిలిచేది ఎవడు రా, జయరాజు? పోయినేడు అప్పన్న కూడా నాతో తప్పొప్పులు మాటాడాడు."

డాక్ కూలీ అప్పన్న ఆ మాటలన్న నాలుగో నాడు జెట్టీ కింద నీళ్ళలో తేలాడు. జారిపడ్డాడని పోలీసులు రాసుకున్నారు.

డోర్కాస్ కాగితం తెచ్చింది. పెన్ను పట్టుకుంది. 'నా పెనిమిటి' అని రాసి ఆగిపోయింది. చనిపోయిన మనిషిని బతికున్నాడని రాయడం ఒక భయం. ఆ అబద్ధం తన రాతలో ఉండటం ఇంకో భయం. పోలీసులొస్తే ఈ అక్షరాలు ఎవరివి అని అడుగుతారు. కింద మామ్మ వేలిముద్ర ఉంటుంది. సర్దారు పేరు ఎక్కడా ఉండదు.

"సిరా అయిపోయింది," అంది.

భానుమూర్తి స్టూలు మీంచి లేచాడు. "రేపు మద్దినేళకొస్తాను. అప్పటికి సిరా దొరుకుతాదిలే."

తెల్లవారి చిన్నాన్న పనికి పోయాక మామ్మ లేచి కూచుంది. ట్రంకు పెట్టెలోంచి పెన్షను పుస్తకం, పాసు, మరణ పత్రం తీసింది. మేకు మీంచి తాత కార్డు ఊడదీసింది. అన్నీ తువ్వాలులో చుట్టి డోర్కాస్ చేతిలో పెట్టింది.

"పాస్టరుగారి కాడికి పో. మీ తాత బతికినన్నాళ్ళూ ఒక్క అబద్ధపు ముద్ర ఎయ్యలేదు. సచ్చాక ఎయ్యనిత్తానేటి? అలా సూడకే, నాకూ బయమే. పో."

పాస్టరు దయారత్నం అన్నీ విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. బాప్తిస్మపు రిజిస్టరు తెరిచి ఆ పేజీకి నకలు రాశాడు: కోదండం, బాప్తిస్మపు పేరు యేసురత్నం, తండ్రి పేరు, పని డాక్‌లో. కింద సంతకం చేసి సంఘపు ముద్ర వేశాడు. తరువాత ఆమెతో ఇంటికి వచ్చి, కోదండం, యేసురత్నం ఒక్కరేనని రాసిన రెండు కాగితాల మీద మామ్మ వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం పెట్టాడు.

"పెన్షను పుస్తకం, పాసు నేను ట్రాములో వెళ్ళి ఆఫీసులో ఇస్తానమ్మా. చెల్లింపు ఆపడానికి ఈ కబురు చాలు. మామ్మకి రావలసిన వాటికి తరువాత కోర్టు అఫిడవిట్ అడుగుతారు. ఆ సంగతి అప్పుడు చూసుకుందాం. కార్డు మీ ఇంటివాళ్ళే రేషను ఆఫీసులో అప్పగించాలి. నువ్వు వెళ్ళగలవా?"

వెళ్ళలేననే అనుకుంది. తల మాత్రం ఊపింది.

రేషను ఆఫీసులో వరస గేటు దాకా ఉంది. ముందున్న ప్రతి మగవాడి వీపూ భానుమూర్తి వీపులాగే కనిపించింది. ఆమె వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. గుమాస్తా మృత్యుంజయ బాబు కార్డు చూసి, మరణ పత్రం చూసి, రెండూ వెనక్కి నెట్టాడు.

"ఖుకీ, పోయింది ఒకడు, కార్డు ఇంకొకడిది. ఎలా తీసుకుంటాను?" అన్నాడు హిందీలో. చిన్నపిల్లల్ని అక్కడ ఖుకీ అనే పిలుస్తారు.

డోర్కాస్‌ని వెనకనుంచి ఎవరో తోస్తున్నారు. ఆమె తువ్వాలులోంచి పాస్టరుగారి నకలు, మామ్మ వేలిముద్ర ఉన్న కాగితం తీసి బల్లమీద పెట్టి, ఇద్దరూ ఒక్కరే, మా తాతే అని చెప్పడానికి వచ్చిన రెండు హిందీ మాటలూ కూడదీసుకుంది.

"దోనో ఏక్ ఆద్మీ. మేరా దాదా."

ఆయన నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. తండ్రి పేరు మీద వేలు పెట్టి చూశాడు. చిరునామా మీద వేలు పెట్టి చూశాడు. ఇంకో గుమాస్తాను పిలిచి ఏదో అడిగాడు. ఆఖరికి పెద్ద రిజిస్టరు తిప్పి ఎర్రసిరాతో ఒక గీత గీశాడు. పక్కన రెండు పేర్లూ రాశాడు. కార్డు మీద అడ్డంగా గీతలు కొట్టి, ముద్ర వేసి, సొరుగులో పడేశాడు. ఆమెకు ఒక రసీదు చించి ఇచ్చాడు.

తాత రెండోసారి చనిపోయినట్టయింది. ఏడుద్దామనుకుంది గాని భయం ఏడవనివ్వలేదు.

సందులోకి వచ్చేసరికి ఇంటి ముందు కొత్త చెప్పులున్నాయి. భానుమూర్తివి. తలుపు ఓరగా ఉంది. ఆమె అడుగు పెట్టబోయేంతలో చిన్నాన్న అడ్డం వచ్చాడు. ఆ పూట గేటు దగ్గర అతని పేరు పిలవలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆమె చేతిలోంచి రసీదు తీసుకున్నాడు. చదవడం రాదు గాని ముద్ర చూశాడు. మడిచి ఆమె గుప్పిట్లోనే పెట్టి, వేళ్ళు మూశాడు. అతని చెయ్యి చల్లగా ఉంది.

"సర్చికి పో," అన్నాడు పెదవులతోనే.

"ఎవర్రా గుమ్మంలో? ఆ గుంటేనా?" లోపల స్టూలు కిర్రుమంది.

"ఎవరూ లేరు సర్దార్," అన్నాడు చిన్నాన్న గట్టిగా. ఆమె ముఖం మీదే తలుపు మూసేశాడు.