ఐదున్నర సెకన్లు

డెబోరాకు ఫిజిక్స్ ల్యాబ్ అంటే పదకొండేళ్లుగా అన్నం పెట్టిన చోటు. ఆ ఆదివారం మాత్రం గోదావరిఖని కాలేజీలోని ఆ గది తలుపు తీయడానికి కూడా చెయ్యి రాలేదు. ఎట్లా వస్తుంది? వరండాలో శోభ కూర్చుని ఉంది. శోభ భర్త మొగిలి గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలేజీ ఇంజను నడుపుతాడు. పోయిన వారం దాని గేర్‌బాక్సు పళ్లు విరిగి టబ్బులు వెనక్కి దొర్లాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు గాని, ఎక్కువ టబ్బులు కట్టి మొగిలే విరగ్గొట్టాడని చార్జిషీటు ఇచ్చారు. విచారణ రేపు పొద్దున పది గంటలకు.

"అక్కా, మా ఆయన ఎప్పటిలెక్కనే కట్టిండు. ఆయిలే నీళ్లలెక్క ఉండెనట. విరిగినప్పుడు కారింది సీసల పట్టి దాచిండు. నువ్వు పోరగాండ్లకు గిదే చెప్తవట గదా, జర చూడక్కా" అని శోభ రెండు చేతులూ పట్టుకుంది.

పోల్చి చూడటానికి గని స్టోరులోని కొత్త డ్రమ్ము ఆయిల్ కావాలంటే, తెచ్చి ఇచ్చింది డెబోరా తండ్రి మత్తయే. ఆ గేర్‌బాక్సుకు ఫిట్టరు, అందులో ఆయిల్ పోసేదీ ఆయనే. రిటైరుమెంటుకు ఏడు నెలలుంది. సీసా ఇచ్చి వెళ్లిపోకుండా ల్యాబులో స్టూలు మీద కూర్చున్నాడు. 

డెబోరా రెండు పొడుగు గాజు జాడీల్లో రెండు ఆయిళ్లూ పోసింది. ఒక్కో జాడీకి ఇరవై సెంటీమీటర్ల ఎడంతో రెండు దారాలు కట్టింది. పై దారం ఆయిల్ మట్టానికి బాగా కిందుగా ఉండాలి. జాడీలో వదిలిన ఉక్కు గుండు మొదట కొంచెం వేగం పుంజుకుంటుంది, ఆ తర్వాత దాని బరువుకు ఆయిల్ పైకి నెట్టే బలం, ఆయిల్ వెనక్కి పట్టి లాగే బలం కలిసి సరిగ్గా సరితూగుతాయి. అప్పుడిక వేగం మారదు. లెక్క అక్కడినుంచే మొదలుపెట్టాలి. ఆయిల్ ఎంత చిక్కనైతే గుండు అంత నిదానంగా దిగుతుంది. ఒకే సైజు గుండ్లయితే అబద్ధమాడటానికి సందే ఉండదు.

ఒకటిన్నర మిల్లీమీటర్ల ఉక్కు గుండును గోడకు తగలకుండా జాడీ నడిమధ్యన వదిలింది. కొత్త ఆయిల్లో పద్దెనిమిది సెకన్లు. మొగిలి దాచిన ఆయిల్లో నాలుగు.

"అది కిటికీకాడ ఎండల ఉన్నది బిడ్డా" అన్నాడు మత్తయి గబుక్కున. "వేడికి పల్చవడ్డది."

నిజమే! డెబోరాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలకు మొట్టమొదట చెప్పే పాఠమే మరిచిపోయినందుకు తనను తాను తిట్టుకుంది. రెండు జాడీలనూ ఒకే బక్కెట్టు నీళ్లలో గంటసేపు ఉంచింది. థర్మామీటరు రెండింట్లోనూ ఇరవై ఐదు చూపించింది. ఆ గంటా ఆమె ప్రార్థన చేస్తూనే ఉంది, ఏమని చెయ్యాలో తెలియక.

కొత్తది పద్దెనిమిదే. ఇది ఐదున్నర. మళ్లీ వేసింది, ఐదున్నర. ఇంకోసారి వేసినా ఐదున్నరే.

"బాపూ, దీంట్ల ఏం కలిపినవ్?"

మత్తయి చేతులు చూసుకున్నాడు. "చలికాలం పొద్దుగాల ఆయిలు చిక్కవడి చేతిపంపుల ఎక్కది బిడ్డా. పాత ఫిట్టర్లంత జర డీజిలు పోసేటోళ్లు, గట్లనే నేర్చుకున్న. ముప్పై ఏండ్ల సంది పోస్తున్న, ఏం కాలే. ఈసారి చలి ఎక్కువుండె, రెండు మగ్గులు ఎక్కువ పడ్డయేమో."

"పలచబడితే పళ్ల నడుమ ఆయిల్ పొర నిలవదు బాపూ. ఇనుము ఇనుమును తింటది."

"ఎండల ఉండెనని రాయరాదు? ఏడు నెలలే బిడ్డా. ఇప్పుడు నౌకరిలకెల్లి తీసేస్తే నా మొఖం యాడ వెట్టుకోవాలె?"

విచారణకు ఇవ్వాల్సిన కాగితం మీద పెన్ను కదల్లేదు. వరండాలో శోభ దగ్గు వినిపించింది. రాయకపోతే ఆ మనిషి ఇల్లు కూలుతుంది, రాస్తే తన ఇల్లు. ఏం బతుకురా దేవుడా అని డెబోరా ఏడ్చింది.

మత్తయి లేచాడు. ట్రేలోంచి ఒక గుండు తీశాడు. "ఒక్కసారి నేనేస్త. నేనే లెక్కవెడ్త."

గుండు పై దారం దాటగానే, "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టాడు. ఆరు అనేలోగా అది కింది దారం దాటిపోయి అడుగున కూర్చుంది. ఆయన మాత్రం జాడీ మీద నుంచి చూపు తీయకుండా లెక్కపెడుతూనే ఉన్నాడు. పది. పదకొండు. పదిహేను.  పద్దెనిమిది దాకా లెక్కపెట్టి అప్పుడు కూతురి మొహం చూశాడు.

డెబోరా తాను నొక్కిన స్టాప్‌వాచీ ఆయన ముందు పెట్టింది. అందులో ఐదున్నర ఉంది.

మత్తయి దాన్ని చూశాడు. తర్వాత కాగితం తనవైపు లాక్కొని, కింద తన పేరు, గనిలో తన టోకెను నంబరు రాశాడు.

"పైన నువ్వు రాయి" అన్నాడు. "శోభను లోపలికి పిలువు. పాపం, పొద్దటిసంది గట్లనే కూసున్నది."